లాక్-ఇన్ మధ్యలో ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తే: ఓనరుకు ఎంత పరిహారం ఇస్తే న్యాయం?

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు అద్దెకుండే తెలుగు కుటుంబాలకు అగ్రిమెంటులో ఒక షరతు తరచూ ఎదురవుతుంది. అగ్రిమెంటు పదకొండు నెలలకే రాసుకున్నా, మొదటి ఆరు నెలలు ఖాళీ చేయకూడదని, చేస్తే మిగిలిన నెలల అద్దె కట్టాలని అందులో ఉంటుంది. అదే లాక్-ఇన్. సంతకం చేసే రోజు దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఊళ్లో తండ్రికి పక్షవాతం వచ్చి, అన్నీ సర్దుకుని వెళ్లాల్సి వచ్చిన రోజున ఆ రెండు వాక్యాలకు ఎంత బరువుందో తెలుస్తుంది.

క్లుప్తంగా

కుటుంబంలో ఆపద వచ్చినంత మాత్రాన లాక్-ఇన్ నుంచి బయటపడే హక్కు చట్టం ఇవ్వదు. అలాగని అగ్రిమెంటులో రాసిన మొత్తమంతా ఓనరుకు దానంతటదే దక్కదు. ఇల్లు ముందే ఖాళీ అవడం వల్ల ఆయనకు నిజంగా కలిగే నష్టమే కొలత, అగ్రిమెంటులో ఉన్న అంకె దానికి పైహద్దు. అందుకే మినహాయింపు కోసం బతిమాలడం కన్నా ఆ నష్టాన్ని లెక్కగట్టి, అంకెతో ప్రతిపాదన పెడితే పని అయ్యే అవకాశం ఎక్కువ.

ఓనరు లాక్-ఇన్ ఎందుకు పెడతాడు

ఇల్లు చేతులు మారిన ప్రతిసారీ ఓనరుకు మూడు ఖర్చులు పడతాయి. కొత్తవాళ్లు దొరికేదాకా అద్దె రాదు. ఆ రోజులకు అపార్ట్‌మెంటు మెయింటెనెన్స్ తనే కట్టాలి. బ్రోకరు ఓనరు దగ్గర కూడా తీసుకునే పద్ధతిలో ఉంటే ఒక నెల అద్దె అటు పోతుంది. అద్దెకున్నవాళ్లు కనీసం కొన్ని నెలలు ఉంటేనే ఈ ఖర్చు గిట్టుబాటవుతుంది. లాక్-ఇన్ పుట్టింది అందుకే. కనుక దాన్ని మధ్యలో విడిపించుకోవాలనుకునేవాళ్లు ఈ మూడు ఖర్చులకే సమాధానం చెప్పాలి. ఓనరు మంచివాడా కాదా అన్నది తర్వాతి సంగతి.

లాక్-ఇన్ షరతులన్నీ ఒకేలా ఉండవు. కొన్నిట్లో మిగిలిన కాలానికి మొత్తం అద్దె కట్టాలని ఉంటుంది, కొన్నిట్లో ఒకటి రెండు నెలల అద్దె అని అంకె ఉంటుంది. అడ్వాన్స్ మొత్తం తిరిగివ్వం అని రాసే కఠినమైన అగ్రిమెంట్లూ ఉన్నాయి. కొన్ని షరతులు ఓనరును కూడా కట్టేస్తాయి, ఆ ఆరు నెలలు ఆయనా ఖాళీ చేయమనకూడదు. అడిగే ముందు ఆ పేరాను అక్షరం వదలకుండా చదవాలి. నోటీసు గురించి ఏం రాశారో కూడా అక్కడే చూడాలి. లాక్-ఇన్ ముగిశాకే నోటీసు ఇవ్వాలని స్పష్టంగా లేకపోతే, లాక్-ఇన్ నడుస్తుండగానే నోటీసు ఇచ్చి, అది ముగిసే రోజుకు ఖాళీ చేయడానికి అడ్డేమీ ఉండదు. గడువుకు ఇంకా ఐదారు వారాలే ఉంటే అసలు పరిహారం మాటే రాకుండా బయటపడవచ్చు.

ఆపద వస్తే ఒప్పందం దానంతటదే పోతుందా

పోదు. చాలామంది పొరపడేది ఇక్కడే. చేయాల్సిన పని అసాధ్యమైతే ఒప్పందం చెల్లదని భారత కాంట్రాక్టు చట్టం (1872) 56వ సెక్షన్ చెప్పే మాట నిజమే. అయితే అది అద్దె ఒప్పందాలకు వర్తించదని సుప్రీంకోర్టు 1968లోనే తేల్చింది. ఆ కేసులో కౌలుకు తీసుకున్న భూమి దేశ విభజనతో ఏకంగా పాకిస్తాన్‌లోకి పోయింది. అంత పెద్ద ఉత్పాతానికే ఆ సెక్షన్ పనికిరాలేదు. ఇంట్లో ఒకరి అనారోగ్యం అంతకన్నా బలమైన కారణంగా నిలవదు. ఆస్తి బదిలీ చట్టం (1882) 108వ సెక్షన్ అద్దెదారుకు కొంత వెసులుబాటు ఇచ్చినా, అది అగ్నిప్రమాదం, వరద వంటి వాటితో ఇల్లే వాడకానికి పనికిరాకుండా పోయినప్పుడు మాత్రమే.

మరి ఆపద గురించి చెప్పడం ఎందుకంటే, అది ఓనరు అనుమానాన్ని తీరుస్తుంది. పక్క వీధిలో రెండు వేలు తక్కువకు ఇల్లు దొరికి వెళ్లిపోతున్నారేమో అన్నది ఆయన మొదటి అనుమానం. ఆసుపత్రిలో చేరిన కాగితం మొదటి పేజీ, ఉద్యోగం ఊరు మార్చుకున్నట్టు ఆఫీసు ఇచ్చిన మెయిల్ చూపిస్తే చాలు. జబ్బు వివరాలు, రిపోర్టులు పంపనక్కరలేదు. రోగి పేరు, చేరిన తేదీ ఉంచి మిగతాది కప్పేసినా సరిపోతుంది.

చట్టం పెట్టిన కొలత

ఒప్పందం తప్పితే ఇంత కట్టాలని ముందే అంకె రాసుకున్నప్పుడు ఏం చేయాలో కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. నష్టపోయినవాడికి సమంజసమైన పరిహారం వస్తుంది, అది రాసుకున్న అంకెను మించకూడదు. అంటే ఆ అంకె పైహద్దు మాత్రమే. సైన్యానికి బంగాళాదుంపలు, కోడిగుడ్లు, చేపలు సరఫరా చేస్తానని డిపాజిట్ కట్టి, చేయలేకపోయిన ఒక కాంట్రాక్టరు కేసు 1969లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ప్రభుత్వం తనకు నష్టం జరిగిందని చూపలేకపోయింది కాబట్టి డిపాజిట్ తిరిగి ఇచ్చేయాలని కోర్టు చెప్పింది. నష్టమే లేనిచోట పరిహారం ఉండదని, లెక్కగట్టడానికి వీలుపడని సందర్భాల్లో మాత్రమే రాసుకున్న అంకెను సమంజసమైనదైతే ఇవ్వవచ్చని 2015లో ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో మళ్లీ స్పష్టం చేసింది. ఇంటి అద్దెలో నష్టం లెక్కకు అందనిదేమీ కాదు. ఎన్ని రోజులు ఖాళీగా ఉందో క్యాలెండరే చెబుతుంది.

73వ సెక్షన్ కింద ఉన్న వివరణ ఇంకో మెట్టు ముందుకు వెళుతుంది. నష్టాన్ని తగ్గించుకోవడానికి అందుబాటులో ఉన్న మార్గాలను కూడా లెక్కలోకి తీసుకోవాలంటుంది. ఇల్లు మళ్లీ అద్దెకు ఇవ్వగలిగి కూడా తాళం వేసి కూర్చుని నాలుగు నెలల అద్దె అడగడం ఈ వివరణ ముందు నిలవడం కష్టం. పదిహేను రోజుల్లో కొత్తవాళ్లను దించుకుని, పాతవాళ్ల దగ్గర కూడా అవే నెలలకు అద్దె పట్టుకోవడం అయితే అసలే నిలవదు.

ఇదంతా అద్దెదారు వైపే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆచరణలో తిరగబడేది అడ్వాన్స్ దగ్గర. బెంగళూరులో ఒకప్పుడు పది నెలల అద్దె అడ్వాన్స్‌గా ఇచ్చేవాళ్లు, ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల ఐదారు నెలలకు దిగింది. ఆ డబ్బు ఓనరు చేతిలో ఉంది కాబట్టి కోర్టుకు వెళ్లాల్సిన అవసరం ఆయనకు రాదు, అద్దెదారుకే వస్తుంది. చెన్నైలో పరిస్థితి కొంత వేరు. 2019లో అమల్లోకి వచ్చిన తమిళనాడు అద్దె చట్టం ప్రకారం, వేరుగా ఒప్పుకుంటే తప్ప అడ్వాన్స్ మూడు నెలల అద్దెను దాటకూడదు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా చట్టం నివాసాలకు రెండు నెలలే అంటుంది గానీ, అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే చెల్లుతుంది. కాబట్టి బెంగళూరులో 74వ సెక్షన్‌ను బెదిరింపుగా వాడితే పెద్దగా లాభం ఉండదు. పరిహారం ఎంత ఉండాలో తేల్చే కొలబద్దగా వాడుకుంటేనే ఉపయోగం.

ఒక లెక్క, మొదటి నుంచి చివరి దాకా

ఉదాహరణకు కాడుగోడి దగ్గర ఒక రెండు పడకగదుల ఫ్లాట్ అనుకుందాం. అద్దె 32,000, మెయింటెనెన్స్ 3,500, అడ్వాన్స్ ఐదు నెలలది 1,60,000. జూన్ 1 నుంచి పదకొండు నెలల అగ్రిమెంటు, నవంబరు 30 దాకా లాక్-ఇన్, ఒక నెల నోటీసు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఒక నెల అద్దె. ఆగస్టులో నెల్లూరులో తండ్రి ఆసుపత్రి పాలయ్యాడు. ఆగస్టు 20న ఓనరుకు మెయిల్ పెట్టి, సెప్టెంబరు 15కల్లా ఖాళీ చేయాలన్నది అద్దెదారు ఆలోచన.

అగ్రిమెంటును ఓనరు ఎంత గట్టిగా చదవగలడో ముందు చూడాలి. సెప్టెంబరు 16 నుంచి నవంబరు 30 దాకా రెండున్నర నెలల అద్దె 80,000, ఆ కాలానికి మెయింటెనెన్స్ 8,750, నోటీసు నెల అంటూ ఇంకో 32,000, పెయింటింగ్ 32,000. మొత్తం 1,52,750. అడ్వాన్స్‌లో చేతికొచ్చేది 7,250 రూపాయలు. ఇలాంటి కాగితం చూసి నోట మాట రాక వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. కానీ ఇందులో నోటీసు నెల పూర్తిగా రెండోసారి పడిన డబ్బు. నోటీసు అద్దె, లాక్-ఇన్ అద్దె రెండూ ఇల్లు ఖాళీగా ఉండే అవే రోజులకు. ఒకే రోజుకు రెండుసార్లు అద్దె ఉండదు.

ఇప్పుడు అసలు నష్టం. ఇల్లు ఖాళీగా ఉన్న ప్రతి రోజుకూ ఓనరు పోగొట్టుకునేది అద్దెలో 1,067, మెయింటెనెన్స్‌లో 117, కలిపి సుమారు 1,183 రూపాయలు. ముప్పై రోజులు ఖాళీగా ఉంటే 35,500.

తర్వాత బ్రోకరేజీ. ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాలి. ఎప్పటికైనా ఈ అద్దెదారు వెళ్లేవాడే, అప్పుడూ బ్రోకరుకు ఇవ్వాల్సిందే. ముందే వెళ్లడం వల్ల ఆ ఖర్చు కొత్తగా పుట్టలేదు, ముందుకు జరిగింది. ఆరు నెలల లాక్-ఇన్‌లో మూడున్నర నెలలు ఉన్నారు, రెండున్నర నెలలు తగ్గింది. కాబట్టి ఒక నెల బ్రోకరేజీలో ఆరింట రెండున్నర వంతు, అంటే 13,333 మాత్రమే ఈ అద్దెదారు ఖాతాలో పడాలి. బ్రోకరు వచ్చేవాళ్ల దగ్గరే తీసుకుని ఓనరును అడగని పద్ధతి అయితే ఈ పద్దు సున్నా. కొత్త అగ్రిమెంటు స్టాంపు, టైపు ఖర్చు మరో 1,500 అనుకుంటే, రోజులతో సంబంధం లేని భాగం 14,833. ముప్పై రోజుల ఖాళీతో కలిపితే 50,333.

పెయింటింగ్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. అది ఎప్పుడు ఖాళీ చేసినా పడే డబ్బు, లాక్-ఇన్‌తో సంబంధం లేనిది. మూడున్నర నెలలకే గోడలు ఏం మాశాయని అడగవచ్చు, అందులో న్యాయమూ ఉంది. కానీ పెద్ద పద్దులో సర్దుబాటు కోరుతూ చిన్న పద్దులో పేచీ పెడితే మాట తెగదు. ఒకటి మాత్రం గమనించాలి. పెయింటింగ్ జరిగే వారం రోజులను ఓనరు ఖాళీ రోజుల్లో కలిపేస్తే, ఆ వారాన్ని తీసేయమని అడగడం సబబే. లాక్-ఇన్ పూర్తిచేసి వెళ్లినా ఆ వారం ఎటూ పోయేదే.

ఒక అంకె కాదు, రెండు దారులు

ఇల్లు ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుందో ఎవరికీ తెలియదు. బేరం తెగకపోవడానికి అసలు కారణం ఇదే. ఓనరు భయం రెండు నెలలు, అద్దెదారు ఆశ పది రోజులు. దీన్ని ఒకే అంకెతో పరిష్కరించబోతే ఎవరో ఒకరు మోసపోయామనుకుంటారు. రెండు దారులు చూపి, ఎంచుకునే అవకాశం ఓనరుకే వదిలితే ఆ భయం చాలావరకు పోతుంది.

మొదటి దారి, 40,000 ఒక్కసారిగా. మర్నాడే కొత్తవాళ్లు దిగినా, రెండు నెలలు ఎవరూ రాకపోయినా అంతే. రెండో దారి, 14,833 స్థిరంగా, దానికి తోడు కొత్తవాళ్ల అద్దె మొదలయ్యేదాకా రోజుకు 1,183, గరిష్ఠంగా 45 రోజులు. నలభై అయిదు రోజులూ ఖాళీగా ఉంటే మొత్తం 68,083 అవుతుంది. అంతకు మించి అద్దెదారుకు బాధ్యత ఉండదు.

ఈ రెండూ కలిసే చోటు 21 రోజుల దగ్గర. ఇల్లు మూడు వారాల్లో పోతుందనుకునే ఓనరు మొదటి దారి పట్టుకుంటాడు, పోదనుకునేవాడు రెండోది అడుగుతాడు. ఏది ఎంచుకున్నా తన ఇంటి గిరాకీ గురించి ఆయన మనసులో మాట అదే చెప్పేస్తుంది. తర్వాత అన్యాయం జరిగిందనడానికి చోటుండదు, ఎంచుకున్నది తనే కనుక.

గిరాకీకి కాలం కూడా లెక్కే. బడులు తెరిచే ముందు మే, జూన్‌లలో కుటుంబాలు ఇళ్ల కోసం తిరుగుతాయి. ఆషాఢంలో, మహాలయ పక్షాల్లో కొత్త ఇంట్లో కాలుపెట్టడానికి తెలుగు, కన్నడ కుటుంబాలు చాలావరకు ఇష్టపడవు. ఇల్లు చూసి వెళతారు, బయానా కూడా ఇస్తారు, పాలు పొంగించేది మాత్రం నవరాత్రులు మొదలయ్యాకే. మన ఉదాహరణలో సెప్టెంబరు 15న ఖాళీ చేస్తే మహాలయ పక్షాలు దగ్గర్లోనే ఉంటాయి కాబట్టి, తెలిసిన ఓనరు రెండో దారే అడుగుతాడు. కనీసం 15 రోజుల డబ్బయినా గ్యారంటీగా ఉండాలని కూడా అనవచ్చు. ఒప్పుకోదగ్గ కోరికే, అది 17,750 మాత్రమే. గరిష్ఠ పరిమితి 60 రోజులు చేయమంటే మాత్రం ఆగాలి. అప్పుడు మొత్తం 85,833కు చేరుతుంది, లాక్-ఇన్ మిగులు అద్దె, మెయింటెనెన్స్ కలిపినా 88,750. రాయితీ అన్నది పేరుకే మిగులుతుంది.

కొత్త కుటుంబం అక్టోబరు 13 నుంచి అద్దె మొదలుపెట్టిందనుకుంటే ఖాళీ రోజులు 27. పరిహారం 31,950కి 14,833 కలిపి 46,783. అడ్వాన్స్‌లో అది, పెయింటింగ్ 32,000, చివరి కరెంటు బిల్లు 1,400 పోగా తిరిగి వచ్చేది 79,817. మొదటి దారి ఎంచుకుని ఉంటే 86,600 వచ్చేది. ఓనరు తొలి కాగితంలోని 7,250తో పోలిస్తే రెంటికీ మధ్య తేడా చిన్నదే.

కొత్తవాళ్లు తక్కువ అద్దెకు, 30,000కే దిగితే? నవంబరు 30 దాకా నెలకు 2,000 తేడా కూడా నష్టంలో భాగమే. గరిష్ఠ మొత్తం దాటనంతవరకు దాన్ని భరిస్తామని ముందే రాయడం మర్యాద. అద్దె పెరిగి వస్తే ఆ లాభాన్ని తగ్గించమని లెక్క ప్రకారం అడగవచ్చు గానీ, వెయ్యి రెండు వేల కోసం ఆ మాట ఎత్తకపోవడమే తెలివి.

కొత్తవాళ్లను వెతికిపెట్టే మాట

మనమే ఎవరినైనా తీసుకొస్తాం అన్న హామీ వినడానికి బాగుంటుంది, హద్దులు లేకపోతే పనికిరాదు. తెచ్చినవాళ్లను ఓనరు ఒక్కొక్కరినీ కాదంటూ పోతే రోజుల మీటరు తిరుగుతూనే ఉంటుంది. అందుకే ఎలాంటి వాళ్లకు ఇస్తారో ముందే అడగాలి. కుటుంబమే కావాలా, బ్రహ్మచారులు కుదరరా, మాంసాహారం అభ్యంతరమా, పెంపుడు కుక్క ఉంటే ఒప్పుకుంటారా. వాళ్లు చెప్పిన ఆ షరతులకు సరిపడి, అదే అద్దెకు, అదే అడ్వాన్స్‌కు, గుర్తింపు కార్డులతో వచ్చినవాళ్లను ఇద్దరిని కాదంటే, రెండోవారిని కాదన్న రోజుతో లెక్క ఆగిపోతుందని రాసుకోవాలి. తనకు నచ్చనివాళ్లను కాదనే హక్కు ఓనరుకు ఎప్పుడూ ఉంటుంది. ఆ కాదనడం ఖర్చు మాత్రం తర్వాత ఆయనది.

ఓనరు సంతకం లేకుండా స్నేహితుణ్ణి ఇంట్లో పెట్టి వెళ్లిపోవడం అన్నిటికన్నా ప్రమాదం. సబ్‌లెటింగ్ నిషేధం దాదాపు ప్రతి అగ్రిమెంటులోనూ ఉంటుంది. సాయం అడగడానికి వెళ్లినవాడు తప్పు చేసినవాడిగా మారతాడు.

లేఖ ఎలా ఉండాలి

ముందు ఫోన్ చేసి మాట్లాడటం మర్యాద. కానీ లెక్కకు వచ్చేది రాసి పంపిన తేదీయే, కాబట్టి అదే రోజు మెయిల్, వాట్సాప్ రెండింట్లోనూ పెట్టాలి. ఓనరు తెలుగువాడైతే ఇలా రాయవచ్చు. కన్నడిగుడైతే ఇంగ్లీషులో ఇదే క్రమంలో.

"నమస్కారమండి. ఉదయం ఫోన్లో చెప్పినట్టు నాన్నగారు ఈ నెల 17న నెల్లూరులో ఆసుపత్రిలో చేరారు. కొన్ని నెలలు దగ్గరుండి చూసుకోవాలి, అందుకే ఇల్లు సెప్టెంబరు 15న అప్పగించాల్సి వస్తోంది. ఆసుపత్రి కాగితం జతచేశాను. నవంబరు 30 దాకా లాక్-ఇన్ ఉన్న సంగతి మాకు తెలుసు, మీకు నష్టం రాకుండా చూడటం మా బాధ్యత. మీకు కుదిరేలా రెండు దారులు కింద లెక్కతో రాశాను, మీకు ఏది నచ్చితే అది. సెప్టెంబరు 15 దాకా అద్దె మామూలుగానే కడతాం. రేపటి నుంచే ఇల్లు చూపించడానికి మాకు అభ్యంతరం లేదు, సాయంత్రం ఆరు తర్వాత, ఆదివారం ఎప్పుడైనా. ఆగస్టు 27 లోపు మీ మాట చెబితే ఆ ప్రకారం కాగితం రాసుకుందాం సార్."

ఇందులో క్షమాపణలు తక్కువ, తేదీలు ఎక్కువ. అది కావాలనే. జవాబుకు గడువు పెట్టకపోతే ఓనరు చూద్దాం అంటూ సెప్టెంబరు 14 దాకా లాగవచ్చు, అప్పటికి లారీ మాట్లాడేసి ఉంటారు. ఇల్లు చూపిస్తామన్న వాక్యాన్ని కూడా తేలిగ్గా తీసుకోకూడదు. ఆగస్టు 21 నుంచే చూపిస్తే ఖాళీ చేసే నాటికి ఇరవై అయిదు రోజులు కలిసివస్తాయి. ఖాళీ రోజులను తగ్గించడానికి అద్దెదారు చేతిలో ఉన్న బలమైన మార్గం అదే.

ఎక్కడ బెడిసికొడుతుంది

ఎక్కువగా చెడేది, అద్దె ఆపేసి అడ్వాన్స్‌లో సర్దుకోండి అన్నప్పుడు. అడ్వాన్స్ ఎలాగూ తిరిగి రాదన్న భయంతో చాలామంది ఇదే చేస్తారు. ఆ భయానికి కారణం లేకపోలేదు. కానీ అద్దె ఎగ్గొట్టిన రోజు నుంచి చర్చ లాక్-ఇన్ గురించి కాకుండా బకాయి గురించి నడుస్తుంది, ఒప్పందం తప్పినది అద్దెదారే అని రాతపూర్వకంగా తేలిపోతుంది. ఓనరు రాతలో ఒప్పుకుంటే తప్ప ఆ పని చేయకూడదు.

రెండోది తాళాలు. అపార్ట్‌మెంటు సెక్యూరిటీ దగ్గర తాళం వదిలి ఊరెళ్లిపోతే ఇల్లు అప్పగించినట్టు కాదు. ఓనరు ఇంకా మీ స్వాధీనంలోనే ఉందనగలడు, అద్దె నడుస్తూనే ఉంటుంది. ఒక గదిలో పాత మంచం, వాషింగ్ మెషీన్ ఉంచి తర్వాత తీసుకెళతామన్నా అదే చిక్కు. తాళాలన్నీ ఓనరు చేతికో, ఆయన రాతలో చెప్పిన మనిషికో ఇచ్చి, ఫలానా తేదీన ఖాళీ ఇల్లు అందిందని మెసేజ్ తీసుకోవాలి. ఓనరు తాళాలు తీసుకుని ఇంటిని మళ్లీ అద్దెకు పెట్టడాన్ని అద్దె హక్కు వదులుకోవడాన్ని అంగీకరించినట్టుగా ఆస్తి బదిలీ చట్టం 111వ సెక్షన్ కింద వాదించవచ్చు. కానీ అలా వాదించే అవసరమే రాకుండా కాగితం ఉండాలి.

మూడోది, అడ్వాన్స్ తిరిగి వచ్చే తేదీ. కొత్తవాళ్లు అడ్వాన్స్ ఇచ్చాక మీకిస్తాను అన్నది బెంగళూరులో ఓనర్లు మామూలుగా చెప్పే మాట. పాతవాళ్ల డబ్బు ఆయన ఎప్పుడో వాడేసి ఉంటాడు. మొదటి దారిలో లెక్క తాళాల రోజే తేలిపోతుంది కాబట్టి డబ్బు అదే రోజు అడగవచ్చు. రెండో దారిలో గరిష్ఠ మొత్తం, పెయింటింగ్, బిల్లు కలిపి 1,01,483 పట్టుకుని, మిగిలిన 58,517 తాళాల రోజే ఇవ్వాలని, తుది లెక్క కొత్తవాళ్లు దిగిన వారంలోపు లేదా 45 రోజులు నిండిన వారంలోపు, ఏది ముందైతే అప్పుడు తేల్చాలని రాసుకోవాలి.

కాగితం, తాళాల రోజు

ఓనరు ఒప్పుకున్న మాట ఒక పేజీలో ఉంటే చాలు. మొదటి అగ్రిమెంటు తేదీ, ఖాళీ చేసే తేదీ, ఎంచుకున్న దారి, రోజుకు అంకె, గరిష్ఠ మొత్తం, డబ్బు తిరిగి ఇచ్చే తేదీలు, ఇవి తప్ప లాక్-ఇన్, నోటీసు కింద ఇంకేమీ రావాల్సింది లేదన్న వాక్యం. ఈ చివరి వాక్యం లేకపోతే పరిహారం తీసుకున్నాక నోటీసు నెల మళ్లీ తలెత్తవచ్చు. ఒప్పందం ప్రకారం తనకు రావాల్సినదాన్ని వదులుకునే స్వేచ్ఛ కాంట్రాక్టు చట్టం 63వ సెక్షన్ ఓనరుకు ఇస్తుంది, కాబట్టి ఆయన అలా రాసి సంతకం చేస్తే అది చెల్లుతుంది. అగ్రిమెంటు భార్యాభర్తలిద్దరి పేరున ఉంటే ఇద్దరి సంతకాలూ కావాలి, ఓనర్ల వైపు కూడా అంతే.

చాలా అపార్ట్‌మెంట్లలో సామాను దించడానికి అసోసియేషన్ నుంచి అనుమతి కావాలి, దానికి ఓనరు సమ్మతి అడుగుతారు. ఓనరు అలిగితే ఆ చిన్న కాగితం దగ్గరే లారీ ఆగిపోతుంది. సమ్మతి మెసేజ్ రెండు రోజుల ముందే అసోసియేషన్‌కు పంపమని కోరాలి. తాళాలిచ్చే రోజు కరెంటు మీటరు రీడింగ్, పైపు గ్యాస్ ఉంటే దాని రీడింగ్ ఫోటో తీసుకోవాలి. గదులన్నీ వీడియో తీస్తూ కుళాయిలు, ఫ్యాన్లు, గీజరు ఆన్ చేసి చూపడం మంచిది. దిగినప్పుడు రాసుకున్న వస్తువుల జాబితా ఉంటే దాన్నే చేతిలో పట్టుకుని ఓనరుతో కలిసి తిరగాలి.

ఓనరు ససేమిరా అంటే

అప్పుడు ముందున్నవి రెండే లెక్కలు, ఉండటం ఖర్చు, వెళ్లడం ఖర్చు. లాక్-ఇన్ ఇంకా నెలన్నరే ఉంటే, కుటుంబాన్ని ఊరికి పంపి అద్దె కడుతూ నవంబరు 30 దాకా ఇంటిని అట్టే ఉంచుకోవడం కొన్నిసార్లు చవక. ఈలోగా నోటీసు ఇచ్చి, అడ్వాన్స్ కోతకు అవకాశం లేకుండా చేసుకోవచ్చు. నాలుగైదు నెలలు మిగిలి ఉంటే అది కుదరదు. అప్పుడు చెప్పిన తేదీకే ఖాళీ చేసి, ప్రతిపాదన రాతలో మళ్లీ పెట్టి, తాళాలు తీసుకోవడానికి ఓనరు నిరాకరిస్తే ఆ నిరాకరణ కూడా మెసేజ్‌లో నమోదయ్యేలా చూసి, ఇల్లు మళ్లీ అద్దెకు పెట్టిన ప్రకటనల స్క్రీన్‌షాట్లు తేదీలతో దాచుకోవాలి. కొత్తవాళ్లు ఏ రోజు దిగారో పక్క ఫ్లాటువాళ్లకు తెలిసే ఉంటుంది. నష్టం ఎన్ని రోజులో తేల్చే సాక్ష్యం అదే.

ఆ తర్వాత లాయరు నోటీసు. దాంతోనూ కాకపోతే, కేసు వేయకముందే రాజీకి పిలిపించమని జిల్లా న్యాయసేవల సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కడ లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. ఓనరు రాకపోతే మిగిలేది సివిల్ దావా. డెబ్బై ఎనభై వేల కోసం నెల్లూరు నుంచి వాయిదాలకు తిరగడం ఎంత గిట్టుబాటో అద్దెదారుకు తెలుసు, ఓనరుకూ తెలుసు. అందుకే మొదటి మెయిల్‌లోనే, ఓనరు నష్టానికి కాస్త పైనే ఉండే అంకె పెట్టడం దావా ఖర్చుతో పోలిస్తే చవకే.